అడ్రస్‌ను చివరి నుంచి చదవండి

పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. మా చిన్నమ్మకు జరిగిన సంగతి ముందు చెప్తాను. ఆమెది దేవరకొండ దగ్గర ఊరు. పోయిన ఏడాది పత్తి అమ్మిన డబ్బులు బ్యాంకులో ఉన్నయి. ఒకరోజు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది: 'మీ పీఎం కిసాన్ విడత ఆగింది, ఈకేవైసీ చేసుకోండి' అని. కింద లింకు. నొక్కితే అశోక చక్రం, ప్రభుత్వ బొమ్మలు, అంతా అసలు సైట్ లాగే ఉంది. ఆధార్ నంబర్ అడిగింది, ఇచ్చింది. తర్వాత 5 రూపాయల ఫీజు అంటూ ఏటీఎం కార్డు వివరాలు అడిగింది, అవీ ఇచ్చింది. ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టింది. ఆ ఓటీపీ మెసేజ్‌లోనే 24,000 రూపాయలు అని రాసి ఉంది. ఆమె ఓటీపీ అంకెలు మాత్రమే చూసింది.

ఆ మోసం లింకులోనే కనబడుతుంది. ఆమెకు వచ్చిన లింకు ఈ రకంగా ఉండె. ఇది నేను మీకోసం తయారు చేసిన నమూనా, ఎవరూ ఫోన్‌లో కొట్టకండి:

```
https://pmkisan.gov.in.rythu-kyc-seva.top/login
```

మొదట్లో pmkisan.gov.in అని చూసి ఆమె నమ్మింది. అసలు పీఎం కిసాన్ సైట్ పేరు కూడా అదే మరి. కానీ సైట్ అడ్రస్‌ను ఉత్తరం మీద అడ్రస్ చదివినట్టు చదవాలి. 'నల్లగొండ మెస్, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్' అని రాస్తే ఆ ఉత్తరం నల్లగొండకు రాదు కదా. అది ఎక్కడికి పోవాలో చివర ఉన్న ఊరు చెబుతుంది.

సైట్‌కూ అంతే. https:// తర్వాత మొదటి గీత, అంటే / ఎక్కడ వస్తుందో చూడండి. ఆ గీతకు ముందున్న ముక్కల నుంచి వెనక్కి చదవండి. మన నమూనాలో గీతకు ముందు rythu-kyc-seva.top ఉంది. ఆ సైట్ అసలు యజమాని అదే. అలాంటి పేరు ఎవరైనా కొద్ది డబ్బుతో కొనుక్కోవచ్చు. కొన్నాక దాని ఎడమ పక్కన gov.in అని కానీ, ఏ బ్యాంకు పేరు కానీ పెట్టుకోవచ్చు, అడిగేవాళ్లు ఉండరు. అదే gov.in చివరన రావాలంటే మాత్రం కుదరదు. అది ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు.

చుక్కకు, అడ్డగీతకు తేడా కూడా చూడాలి. pmkisan-gov.in లో gov ముందు చుక్క లేదు, అడ్డగీత ఉంది. అంటే అది మొత్తం ఒకటే పేరు, బయట ఎవరైనా కొనగలిగే పేరు. చిన్న ఫోన్లలో అడ్రస్ పూర్తిగా కనబడదు, కాబట్టి దాని మీద నొక్కి పక్కకు జరిపి చివరి దాకా చూడండి.

మంచి సైట్లన్నీ gov.in తోనే ముగియవు. బ్యాంకులనే చూడండి. తమ సైట్లను 2025 అక్టోబర్ 31 లోపు bank.in కు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. స్టేట్ బ్యాంకుది ఇప్పుడు sbi.bank.in. ఈ పేర్లు బ్యాంకులకే ఇస్తారు, ఇచ్చేది హైదరాబాద్‌లో రిజర్వు బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. ఇక ప్రైవేటు సైట్లకు ఇలాంటి గుర్తు ఏదీ లేదు. వాటి అడ్రస్‌ను పాత బిల్లు మీదో, పాస్‌బుక్ మీదో చూసి మీరే కొట్టుకోవాలి. గూగుల్‌లో వెతికితే పైన 'స్పాన్సర్డ్' అని వచ్చేవి డబ్బు కట్టి పెట్టించిన ప్రకటనలు, వాటిని నొక్కకండి.

అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉంది కదా అని చాలామంది ధైర్యపడతారు. మీ ఫోన్‌కూ ఆ సైట్‌కూ మధ్య పోయే సమాచారాన్ని దారిలో ఇంకెవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల కూర్చున్నది దొంగా, దొరా అన్నది దానికి తెలియదు. దొంగలకూ ఆ తాళం ఉచితంగానే దొరుకుతుంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారని క్రోమ్ వాళ్లు 2023లో ఆ బొమ్మనే తీసేశారు.

ఇంకో సంగతి. అసలు పీఎం కిసాన్ సైట్ కూడా ఈకేవైసీకి ఆధార్, ఓటీపీ అడుగుతుంది. అందుకే 'ఆధార్ అడిగింది కాబట్టి దొంగ సైట్' అనుకోలేం. కానీ అక్కడ ఓటీపీతో చేసుకుంటే ఫీజు లేదు, కార్డు నంబర్‌తో పని లేదు. డబ్బులు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎక్కడా అక్కర్లేదు. లింకు నొక్కగానే apk అనే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్, దిగుతుంటే అక్కడే ఆపేయండి. ఫోన్‌తో టెన్షన్ అనిపిస్తే సీఎస్‌సీ కేంద్రానికి పోయి వేలిముద్రతో చేయించుకోవచ్చు.

చిన్నమ్మ భయపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ లోపు డబ్బు వేరే ఖాతాలకు పోయింది. అదే గంటలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించి ఉంటే ఎంతో కొంత నిలబడేదేమో. ఇంట్లో తిడతారని దాచకండి. ఫిర్యాదు cybercrime.gov.in లోనూ ఇవ్వవచ్చు. ఈ అడ్రస్‌ను కూడా వెనక నుంచే చదివి చూడండి. ఇప్పుడు మీ ఫోన్లలో అలాంటి మెసేజ్‌లు ఉంటే నొక్కకుండా తీసుకురండి, ఒక్కొక్కటి కలిసి చదువుదాం.