రెపో తగ్గినా గిల్ట్ ఫండ్ ఎందుకు పడింది? స్టూడియో చర్చ

సమన్వయకర్త: 2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రిజర్వ్ బ్యాంకు రెపో రేటును 6.5 నుంచి 5.5 శాతానికి తగ్గించింది. ఆ తర్వాత ప్రభుత్వ బాండ్లలో పెట్టుబడి పెట్టే దీర్ఘకాల గిల్ట్ ఫండ్ల విలువ పడింది. ప్రభుత్వ బాండ్లంటే భద్రం అని కదా అందరూ అంటారు?

పెట్టుబడి సలహాదారు: అసలు తప్పు అక్కడే ఉంది! ప్రభుత్వం బాకీ ఎగ్గొట్టదు, నిజమే. కానీ బాండు ధర...

విశ్రాంత బ్యాంకు అధికారి: రేటు తగ్గితే ధర పెరగాలి కదండీ?

సలహాదారు: నన్ను పూర్తి చేయనివ్వండి. జూన్‌లో అర శాతం తగ్గిస్తూనే విధానాన్ని తటస్థానికి మార్చారు. ఇక కోతలు ఉండవని మార్కెట్ అనుకుంది. పదేళ్ల బాండు రాబడి ఆగస్టు చివరికి 6.5 శాతం దాటింది. రాబడి పెరిగితే చేతిలో ఉన్న పాత బాండు ధర పడుతుంది. రెపో ఒక్క రాత్రి అప్పుకు రేటు, పదేళ్ల రాబడి మార్కెట్ చేతిలో ఉంటుంది.

సమన్వయకర్త: అయినా ప్రభుత్వ బాండే కదా?

సలహాదారు: మళ్లీ అదే మాట! ఒక విశ్రాంత ఉద్యోగి 20 లక్షలు పెట్టారనుకోండి. ఫండ్ మాడిఫైడ్ డ్యూరేషన్ 10, అంటే రాబడి ఒక శాతం పెరిగితే విలువ సుమారు 10 శాతం పడుతుంది. మూడు నెలల్లో రాబడి 0.4 శాతం పెరిగితే విలువ సుమారు 4 శాతం, అంటే 80 వేలు తగ్గుతుంది. ఆ మూడు నెలల వడ్డీ 32 వేలు కలిసినా 48 వేలు లోటు. డ్యూరేషన్ 2.5 ఉన్న ఫండ్‌లో తగ్గేది 20 వేలే, వడ్డీ కలిస్తే 12 వేలు మిగులు. నెలవారీ ఫ్యాక్ట్‌షీట్‌లో ఆ ఒక్క అంకె చూడండి!

ఆర్థికశాస్త్ర అధ్యాపకురాలు: పెరిగిన రాబడితోనే కొత్త వడ్డీ వస్తుంది. కదలకుండా ఉంచితే కొన్నేళ్లకు లోటు పూడుతుంది.

సలహాదారు: నెలకు 12 వేలు తీసుకునే మనిషి కదలకుండా ఎలా ఉంచుతారమ్మా? పడిన ధరకే యూనిట్లు అమ్ముకోవాలి. అమ్మిన యూనిట్లు తిరిగి రావు.

అధ్యాపకురాలు: అందుకే ముందే చెప్పిన తేదీకి ముగిసే టార్గెట్ మెచ్యూరిటీ ఫండ్. ముగింపు దగ్గరపడే కొద్దీ డ్యూరేషన్ తగ్గుతుంది కాబట్టి...

అధికారి: 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలు మూసేసింది, మరిచారా? ఫిక్స్‌డ్ డిపాజిటే మేలు.

సలహాదారు: అది అప్పు నాణ్యత గొడవ, ఇది వడ్డీ రేటు గొడవ. రెండూ కలపకండి!

అధికారి: పోగొట్టుకున్నవాడికి రెండూ ఒకటే.

సలహాదారు: కావు! అక్కడ బాకీదారు కట్టలేకపోయే ప్రమాదం. ఇక్కడ బాకీదారు నిక్షేపంగా ఉన్నా ధర పడింది. స్థిరమైన ఆదాయం కావాలంటే డ్యూరేషన్ మూడు దాటకూడదు. అంతే.

అధ్యాపకురాలు: మూడేళ్ల తర్వాత రేట్లు బాగా తగ్గితే, వచ్చే ఆదాయమూ తగ్గుతుంది. ఆ నష్టం ఎవరు...

సలహాదారు: అది తర్వాతి సంగతి!

సమన్వయకర్త: సరే, మూడు దాటకూడదని వారు గట్టిగా చెబుతున్నారు. విరామానికి ముందు ఒక్క ప్రశ్న: ప్రభుత్వ బాండ్లు భద్రమా, కాదా?

సలహాదారు: ఇంతసేపు నేను చెప్పింది...