పిన్ని డబ్బాలో రెండు అజిత్రో మాత్రలు

నమస్కారం. నేను తిరుపతిలో మైక్రోబయాలజీ పాఠాలు చెప్తాను. ఈ వీడియో మాత్రం మా పిన్ని మీద కోపంతో చేస్తున్నా.

పిన్ని వాళ్లది పలమనేరు దగ్గర పల్లె. వాళ్లింట్లో టీవీ పక్కన ఒక పాత బిస్కెట్ డబ్బా ఉంది. ఎవరికి ఏ మాత్ర మిగిలినా అందులోకే. పోయిన నెల పిన్నికీ చిన్నాన్నకీ ఒకేసారి జలుబు, గొంతు నొప్పి వచ్చాయి. పిన్ని డబ్బా తీసి, ఇలాంటి అట్టలో మిగిలిన (అట్ట చూపిస్తూ) రెండు అజిత్రోమైసిన్ 500 యాంటీబయాటిక్ మాత్రలు రోజుకొకటి వేసుకుంది. చిన్నాన్నకి మాత్రలంటేనే చిరాకు. ఉప్పునీళ్లు పుక్కిలించి ఊరుకున్నాడు. గురువారానికి ఇద్దరికీ తగ్గింది.

"చూశావా, రెండు మాత్రలకే పోయింది" అంటుంది పిన్ని. మరి చిన్నాన్నకి దేనికి పోయినట్టు?

పెద్దవాళ్ల గొంతు నొప్పుల్లో యాంటీబయాటిక్ నిజంగా పనికొచ్చే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వాటా నూటికి 5 నుంచి 15. పిల్లల్లో 20 నుంచి 30. మిగతావాటిలో చాలావరకు వైరస్‌లే, వారంలోపు వాటంతటవే సర్దుకుంటాయి.

పిన్నికి అర్థమయ్యేలా చెప్తాను. మీ ఊళ్లో చెనక్కాయ చేలో ఏనుగులు పడ్డాయనుకోండి. అప్పుడు మీరు గడ్డిమందు కొడతారా? ఏనుగుకి గడ్డిమందు ఏం చేస్తుంది? రెండు మూడు రోజులకి గుంపు ఎలాగూ అడవిలోకి పోతుంది. "నా మందుకే పోయాయి" అని మీరు మీసం తిప్పుతారు. ఆ ఏనుగులే వైరస్‌లు, గడ్డిమందు అజిత్రో, చేలో మొక్కలు బ్యాక్టీరియా.

కానీ కొట్టిన మందు ఊరికే పోదు కదా. మన గొంతులో, పేగుల్లో ఎప్పుడూ కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. చాలావరకు అమాయకమైనదే. ఆ చేలో ఈ మందుకి చావని మొక్కలు ముందునుంచే అక్కడక్కడా ఉంటాయి. మందు పడగానే మిగతావి మాడిపోతాయి, ఖాళీ అయిన చోటంతా ఆ మొండి మొక్కలు పాకుతాయి. అజిత్రోతో ఇంకో చిక్కు, ఒంట్లో చేరిన మందు సగానికి తగ్గడానికే దాదాపు 3 రోజులు పడుతుంది. మాత్ర మింగడం మానేసినా పలచటి మందు చాలా రోజులు చేలోనే ఉంటుంది, మొండి మొక్కలకి అంతకంటే ఏం కావాలి!

2007లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఏ జబ్బూ లేని వాలంటీర్లకి 3 రోజులు అజిత్రో ఇచ్చి గొంతులోని స్ట్రెప్టోకాకస్‌లని చూస్తూ వచ్చారు. మందుకి లొంగని రకాలు ఒక్కసారిగా పెరిగాయి. 6 నెలల తర్వాత కూడా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే వీళ్లలో ఎక్కువే ఉన్నాయి. అంటే పిన్ని గొంతు సంక్రాంతి నాటి మాత్రల్ని ఆషాఢంలో కూడా మోస్తూ ఉండొచ్చు.

"కోర్సు పూర్తి చేస్తే పర్లేదు కదా" అని కామెంట్లు వస్తాయి, నాకు తెలుసు. ఏనుగులకి రెండు ట్యాంకులు కొట్టినా అంతే. చేను ఇంకా ఎక్కువ మాడుతుంది.

పైగా ఈ మొండితనం ఒక్క మొక్కతో ఆగదు, గట్టు దాటుతుంది. గొంతులోని అమాయకపు స్ట్రెప్టోకాకస్ నుంచి ఆ జన్యువులు న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్‌కి వెళ్లగలవు. రేపు పిన్ని నుంచి అది అంటి చిన్నాన్నకి న్యుమోనియా వస్తే, డాక్టర్ రాసిన అజిత్రో పనిచేయకపోవచ్చు. పాపం, ఆయన ఒక్క మాత్ర కూడా మింగలేదు!

1945లో పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ నోబెల్ ప్రసంగంలో సరిగ్గా ఇదే కథ చెప్పాడు. గొంతు నొప్పికి ఒకాయన సొంతంగా కాస్త పెన్సిలిన్ వేసుకుంటాడు, క్రిమి మొండికేస్తుంది, అది భార్యకి అంటి ఆమె చనిపోతుంది. తమాషా ఏంటంటే, గొంతులో చీము తెచ్చే ఆ గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ ఇప్పటికీ పెన్సిలిన్‌కి లొంగుతూనే ఉంది. అజిత్రోకి మాత్రం లొంగని రకాలు వచ్చేశాయి. మన డబ్బాల్లో మిగిలేది అజిత్రోనే.

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్పేస్తా. దగ్గు, ముక్కు కారడం, గొంతు బొంగురు ఉంటే అది చాలావరకు ఏనుగే. దగ్గు లేకుండా జ్వరం, టాన్సిల్స్ మీద తెల్లటి పొర, దవడ కింద నొక్కితే నొప్పెట్టే గడ్డలు, ఈ మూడూ కలిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, గొంతు స్వాబ్ అడగండి. ముందే డబ్బాలోంచి రెండు మాత్రలు వేసుకుని వెళ్తే స్వాబ్‌లో క్రిమి కనపడకపోవచ్చు. నొప్పి తగ్గి క్రిమి మిగిలిపోతే, ముఖ్యంగా పిల్లల్లో, అది కీళ్ల జ్వరమై గుండె కవాటాల దాకా వెళ్లొచ్చు. అందుకే నిజంగా స్ట్రెప్ అయితే పెన్సిలిన్ గానీ అమోక్సిసిలిన్ గానీ 10 రోజులు రాస్తారు. డబ్బాలో మిగిలే రెండు మాత్రలు దానికీ చాలవు.

మింగడానికి గుటక పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా వీడియో ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి. పిన్నీ, ఆదివారం వస్తున్నా, ఆ డబ్బా నాకిచ్చెయ్. బిస్కెట్లు పోసి తిరిగిస్తా.