రసీదు మెయిల్‌లో లెక్క వెతుక్కునే పని లేకుండా

[స్క్రీన్ మీద: పాత మెయిల్. ఫోన్ తెర నిండా ఒకే పేరా.]

ముందుగా ఈ మెయిల్ చదువుతాను, వినండి.

"ప్రియమైన విద్యార్థీ, మా కుటుంబంలోకి స్వాగతం! మొత్తం ఫీజు 12,000 గల 'డేటా విశ్లేషణ: మొదటి మెట్టు' కోర్సుకు సంబంధించి, మీరు ఎంచుకున్న మూడు వాయిదాల పద్ధతి ప్రకారం మొదటి వాయిదా 03/04/2025న విజయవంతంగా స్వీకరించబడింది. ఆర్డర్ నంబర్ 204178835, లావాదేవీ ఐడీ TXN7K41M063. మిగిలిన మొత్తం నిర్ణీత తేదీల్లో ఆటోమేటిక్‌గా వసూలు చేయబడుతుంది."

ఇప్పుడు చెప్పండి, ఈ మనిషి ఖాతాలోంచి ఎంత పోయింది?

నాలుగు వేలు. పన్నెండు వేలను మూడుతో భాగిస్తే వస్తుంది. కానీ ఆ 4,000 అనే అంకె మెయిల్‌లో ఎక్కడా లేదు. కనిపించే ఒకే ఒక్క మొత్తం 12,000, పైగా అది బోల్డ్‌లో ఉంది. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌లో మాత్రం 4,000 అని ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకున్నవాళ్లకు టెన్షన్ రాక ఏమవుతుంది? మిగతా ఎనిమిది వేలు కూడా ఇప్పుడే పోతాయేమోనని సపోర్ట్‌కు రాస్తారు. కొందరైతే నేరుగా బ్యాంకుకే ఫిర్యాదు చేస్తారు.

రసీదును ఎవరూ మొదటి నుంచి చివరి దాకా చదవరు. వాళ్ల దగ్గర ఇంకో కాగితమో, ఇంకో తెరో ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్, ఆఫీసులో డబ్బు తిరిగి రాబట్టుకునే ఫారం, సపోర్ట్‌తో నడుస్తున్న చాట్, ఇలా ఏదో ఒకటి. దానితో దీన్ని సరిపోల్చుకోవడానికే మెయిల్ తెరుస్తారు. కాబట్టి అక్కడ ఏముంటుందో ఇక్కడా అదే రూపంలో ఉండాలి. నేను ఈ మెయిల్‌ను తిరగరాసింది ఈ ఒక్క ఆలోచనతోనే.

[స్క్రీన్ మీద: కొత్త మెయిల్, వరుసలు ఒక్కొక్కటిగా వస్తాయి.]

```
విషయం: రసీదు: 4,000 అందింది, వాయిదా 1/3

ఈ రోజు కట్టింది   4,000
కోర్సు            డేటా విశ్లేషణ: మొదటి మెట్టు
తేదీ              3 ఏప్రిల్ 2025, రాత్రి 9:40
దేనితో            కార్డు, చివరి అంకెలు 4417
లావాదేవీ ఐడీ      TXN7K41M063

వాయిదాలు
1   3 ఏప్రిల్ 2025   4,000   అందింది
2   3 మే 2025       4,000   కట్టాలి
3   3 జూన్ 2025     4,000   కట్టాలి
మొత్తం ఫీజు         12,000
```

కరెన్సీ గుర్తును నేను కావాలనే వదిలేశాను. మీ మెయిల్‌లో మాత్రం ప్రతి మొత్తం పక్కన అది ఉండాలి.

మొదటి వరుస చూడండి. "మొత్తం" అని కాదు, "ఈ రోజు కట్టింది" అని రాశాను. వాయిదాల కోర్సుల్లో "మొత్తం" అనే మాట ప్రమాదకరం. ఫీజు మొత్తమా, కట్టిన మొత్తమా అన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. మొత్తం ఫీజును వాయిదాల పట్టిక అడుక్కు దించి, బోల్డ్ తీసేశాను. మెయిల్ అంతటికీ ఒక్క అంకే బోల్డ్‌లో ఉంటుంది, అది ఈ రోజు ఖాతాలోంచి పోయింది.

తేదీ సంగతి. 03/04 అంటే కొందరికి ఏప్రిల్ మూడు, కొందరికి మార్చి నాలుగు. నెల పేరు రాస్తే ఆ గొడవే ఉండదు. ఇందులో ఇంకో చిక్కుంది, దాన్ని చాలామంది గమనించరు. సర్వర్ సమయం యూటీసీలో ఉండి, విద్యార్థి ఇంకో టైమ్ జోన్‌లో ఉంటే, అర్ధరాత్రి దగ్గర్లో కట్టిన డబ్బుకు రసీదులో ఒక తేదీ, బ్యాంకులో ఇంకో తేదీ పడతాయి. కట్టినవాళ్ల టైమ్ జోన్‌లోకి మార్చి చూపించండి. అది కుదరకపోతే సమయం పక్కన టైమ్ జోన్ పేరైనా రాయండి.

పాత మెయిల్‌లో రెండు నంబర్లున్నాయి, ఆర్డర్ నంబర్, లావాదేవీ ఐడీ. ఏది ఉంచాలి? సపోర్ట్‌లో పనిచేసేవాళ్లను అడగండి, వెతకడానికి బాక్స్‌లో ఏ నంబర్ టైప్ చేస్తారని. పైన ఉండాల్సింది అదే. రెండోది కావాలంటే మెయిల్ అడుగున పెట్టుకోవచ్చు. అది ఉత్త అంకెలే అయితే ఒక చిన్న తమాషా జరుగుతుంది. కొన్ని ఫోన్లు దాన్ని ఫోన్ నంబర్ అనుకుని నీలి రంగు లింకు చేసేస్తాయి. కాపీ చేద్దామని నొక్కితే కాల్ చేయమంటారా అని అడుగుతుంది! హెచ్‌టీఎంఎల్ తలభాగంలో ఈ ఒక్క లైను పెడితే కొన్ని యాప్‌లలో అది ఆగుతుంది.

```html
<meta name="format-detection" content="telephone=no">
```

అన్ని యాప్‌లూ దీన్ని పట్టించుకోవు, అందుకే అక్షరాలు కలిసిన ఐడీయే నయం. ఐడీ మధ్యలో అందం కోసం ఖాళీలు పెట్టకండి, కాపీ చేసినప్పుడు అవీ వెంట వస్తాయి. బొమ్మగా అసలే పెట్టకండి.

[స్క్రీన్ మీద: "స్టేట్‌మెంట్‌లో కనిపించే పేరు" అనే వరుస కొత్తగా చేరుతుంది.]

ఈ వరుస మొదట నాకూ తట్టలేదు. కోర్సు ఒక బ్రాండ్ పేరుతో అమ్ముతారు, స్టేట్‌మెంట్‌లో కంపెనీ రిజిస్టర్డ్ పేరో, పేమెంట్ గేట్‌వే పేరో కనిపిస్తుంది. నెల తర్వాత ఆ పేరు చూసి "ఇదెవరు? నేనేం కొన్నాను?" అని చెల్లింపును రద్దు చేయమని బ్యాంకును అడిగేది ఈ తేడా వల్లే. స్టేట్‌మెంట్‌లో ఎలా పడుతుందో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఇక్కడ రాయండి. అప్పుడు ఆ పేరుతో మెయిల్‌లో వెతికినా రసీదు దొరుకుతుంది.

ఇక భాష. "స్వీకరించబడింది" అనే మాట మన నోట్లోంచి ఎప్పుడైనా వస్తుందా? "అందింది" చాలు. "ఆటోమేటిక్‌గా వసూలు చేయబడుతుంది" తీసేసి, పట్టిక కింద ఒక్క వాక్యం రాశాను: "మే 3న 4,000 ఇదే కార్డు నుంచి తీసుకుంటాం." ఎప్పుడు, ఎంత, దేన్నుంచి, మూడూ అందులోనే ఉన్నాయి. "చెల్లింపు విధానం" బదులు "దేనితో" అని రాయడానికీ కారణముంది. సన్నటి ఫోన్ తెర మీద పొడవాటి పేరు రెండు లైన్లుగా విరిగితే, ఏ విలువ ఏ పేరుకు చెందుతుందో కన్ను పట్టుకోలేదు. లైన్ల మధ్య ఎడం కూడా కాస్త ఎక్కువే ఇవ్వండి, మనకు వత్తులున్నాయి కదా.

వరుసల అమరికకు మామూలు హెచ్‌టీఎంఎల్ టేబులే వాడండి. పాత అవుట్‌లుక్‌లో ఫ్లెక్స్, గ్రిడ్ పనిచేయవు, అంతా చెదిరిపోతుంది. వరుస పేరును `<th scope="row">`లో పెడితే, స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లకు ఏ అంకె దేనిదో తెలుస్తుంది.

స్వాగతం మాటలు ఎక్కడికి పోయాయంటారా? పట్టిక కిందికి, ఒక్క వాక్యంగా. మెయిల్‌లో మొదటి మాటలు ఇన్‌బాక్స్‌లో విషయం పక్కనే కనిపిస్తాయి. ఆ చోటు "మా కుటుంబంలోకి స్వాగతం"కు ఇచ్చేకంటే "ఈ రోజు కట్టింది 4,000"కు ఇవ్వడం మేలు.

[స్క్రీన్ మీద: ఫోన్, పక్కన ఒక బ్యాంకు మెసేజ్.]

పంపే ముందు ఒక పరీక్ష. ఈ పనితో సంబంధం లేని ఒకరికి బ్యాంకు మెసేజ్ చూపించి, ఫోన్‌లో మెయిల్ తెరిచి ఇవ్వండి. ఇది ఆ డబ్బేనా, తర్వాత ఎంత కట్టాలి, ఎప్పుడు, ఈ మూడే అడగండి. వేలు పైకీ కిందికీ జరుగుతుంటే ఏ వరుస దగ్గర తడబడుతున్నారో చూసి దాన్ని మార్చండి. తర్వాత చివరి వాయిదా మెయిల్‌తోనూ ఇదే చేయండి. అక్కడ "కట్టాలి" అనే వరుస ఒక్కటీ మిగలకూడదు, "తీసుకుంటాం" అనే వాక్యమూ ఉండకూడదు. టెంప్లేట్‌లో అది తీసేయడం మర్చిపోతే, జూన్ 3న డబ్బంతా కట్టేసినవాళ్లకు ఇంకో వాయిదా ఉందని మెయిల్ వెళ్తుంది.