బీపీ మాత్రతో పాటు నొప్పి మాత్ర వేసుకుంటే మూత్రపిండంలో ఏం జరుగుతుంది?

(దృశ్యం: పలాసలో ఒక మందుల షాపు)

ఉదాహరణకు పలాసలో జీడిపప్పు పని చేసే యాభై ఎనిమిదేళ్ల మహిళను తీసుకుందాం. ఆమె రోజూ ఉదయం టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు కలిసిన బీపీ మాత్ర వేసుకుంటున్నారు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని చెబితే, షాపులో అసిక్లోఫినాక్, పారాసిటమాల్ కలిసిన మాత్రలు ఇచ్చారు. మే నెల ఎండలో వారం రోజుల పాటు పూటకొకటి చొప్పున రోజుకు రెండు వేసుకునేసరికి ఆమె పాదాలు వాచాయి, మూత్రం తగ్గింది, బీపీ 130 నుంచి 152కు చేరింది. రక్తపరీక్షలో, మూత్రపిండాల వడపోత తగ్గితే పెరిగే క్రియాటినిన్ 0.9 నుంచి 1.7కు చేరింది.

(తెరపై: మూత్రపిండంలోని వడపోత గుత్తి బొమ్మ)

వరి మడిలో నీరు నిలవాలంటే ఎగువ గండి తెరిచి ఉండాలి, దిగువ గండి కొంత బిగిసి ఉండాలి. వడపోత గుత్తిలో రక్తపు ఒత్తిడి నిలిచేదీ అలాగే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు లోపలికి వచ్చే రక్తనాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, అసిక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు వాటి తయారీనే ఆపేస్తాయి కాబట్టి ఎగువ గండి మూసుకుపోతుంది. టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ వంటి బీపీ మందులు బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేస్తాయి. హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు కాలువలోనే నీటిని తగ్గిస్తుంది. మూడూ కలిసినప్పుడు వడపోత పడిపోతుంది. చెమట, వాంతులు, విరేచనాలు తోడైతే మరీ వేగంగా పడిపోతుంది. పైగా నొప్పి మాత్ర ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలిపేస్తుంది కనుక బీపీ మందు పని చేయడం లేదన్న భ్రమ కలుగుతుంది. అప్పుడు బీపీ మాత్ర డోసు పెంచితే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

ఆమె విషయంలో డాక్టరు నొప్పి మాత్ర ఆపించి, క్రియాటినిన్‌తో పాటు పొటాషియం కూడా చూసి, కొద్ది రోజుల తరువాత పరీక్ష మళ్లీ చేయించారు. ముందే పట్టుకుంటే చాలామందిలో వడపోత తిరిగి కోలుకుంటుంది. ఉద్దానం వంటి చోట ఇప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మాత్రం ఆ వెసులుబాటు తక్కువ.

షాపులో కేవలం పారాసిటమాల్ అడగండి. కాంబినేషన్ మాత్రలో పారాసిటమాల్ పేరు పక్కనే మరో పేరు ఉంటుంది. మన దగ్గర చాలామంది చూడనిది ఆ రెండో పేరునే. నొప్పి మోకాలికే పరిమితమైతే పైపూత జెల్ రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. బీపీ మాత్రను మాత్రం సొంతంగా ఆపకూడదు.

(తెరపై: రక్తం పలచబరిచే మందులు)

అసిట్రోమ్, వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారిలో ప్రమాదం కడుపులో ఉంటుంది. నొప్పి మాత్ర కడుపు లోపలి పొరను పుండు చేస్తుంది, పలచబరిచే మందు ఆ రక్తాన్ని ఆగనివ్వదు. రక్తం ఎంత సేపటికి గడ్డకడుతుందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష సరిగ్గా ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదం లేదనుకోవద్దు. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారు ఐబుప్రోఫెన్ ముందుగా వేసుకుంటే ఆస్పిరిన్ అతుక్కోవాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది, ఆ రోజు గుండెకు రక్షణ తగ్గవచ్చు. ఈ మందులు వాడేవారికి మలం తారులా నల్లగా, జిగటగా వస్తే, ఐరన్ మాత్రల వల్లనేమో అనుకుని ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.