ఆపరేషన్ కడుపుకి, నొప్పి గొంతులో

అందరికీ నమస్కారం. నేను మత్తు డాక్టర్ని. మా పేషెంట్లకి మా ముఖాలు పెద్దగా గుర్తుండవు, మేం పనిచేసేటప్పుడు వాళ్ళు నిద్రలో ఉంటారు కాబట్టి. మర్నాడు వార్డుకి వెళితే మాత్రం ఒక ప్రశ్న తప్పదు. "సార్, కోసింది కడుపు కదా, గొంతెందుకు ఇలా మండుతోంది?" పక్కనే కూర్చున్న పెద్దావిడ జవాబు కూడా ఆవిడే చెప్పేస్తుంది. "ఆ ఏసీ గదిలో పడుకోబెట్టారుగా, చలి పట్టింది."

చలి కాదండీ. ఇదిగో, ఇది. ముందు వరుస నుంచి ఒకరి చేతినుంచి ఒకరు అందుకుని చూడండి. కొత్తదే, భయపడక్కర్లేదు. ఆడవాళ్ళకి మామూలుగా వాడే ఏడో నంబరు ట్యూబు. ఏడు అంటే లోపలి రంధ్రం 7 మిల్లీమీటర్లు. బయటి మందంతో కలిపితే ఇంచుమించు చిటికెన వేలంత ఉంటుంది. ఫుల్ మత్తు ఇచ్చి, కండరాలు వదులయ్యే మందు ఇచ్చాక మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. అందుకని ఈ గొట్టాన్ని నోట్లోంచి, స్వరతంత్రుల మధ్యనుంచి శ్వాసనాళంలోకి పంపిస్తాం. ఆడవాళ్ళకి పళ్ళ దగ్గర 21 సెంటీమీటర్ల గీత కనపడేదాకా, మగవాళ్ళకి 23 దాకా లోపలికి వెళుతుంది. దారి కనపడటానికి నాలుకని పక్కకి నెట్టి ఎత్తే పరికరం ఒకటి వేరే ఉంటుంది, దానికీ ఒక స్టీలు బ్లేడు. మీరు లేచేసరికి ఇవన్నీ తీసేసి ఉంటాం. అందుకే ఏం జరిగిందో మీకు తెలీదు, గొంతుకి మాత్రం తెలుసు.

ట్యూబు కొన దగ్గర పల్చటి బుడగ ఉంది చూడండి. నొప్పికి అసలు కారణాల్లో పెద్దది అదే. దాన్ని కఫ్ అంటాం. ట్యూబు లోపలికి వెళ్ళాక సిరంజితో దాంట్లో గాలి నింపుతాం. అది ఉబ్బి శ్వాసనాళం గోడకి అంటుకుంటుంది. అప్పుడు మేం పంపే గాలి పక్కనుంచి బయటికి తన్నదు, కడుపులోంచి ఏదైనా పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి జారదు. అంటే కఫ్ లేకుండా కుదరదు. ఎంత గాలి నింపామన్నదే ప్రశ్న.

పిల్లల స్కేలు, 30 సెంటీమీటర్లది, నిటారుగా నిలబెట్టారనుకోండి. అంత ఎత్తున్న నీళ్ళు అడుగున ఎంత నొక్కుతాయో, కఫ్ శ్వాసనాళం గోడని అంతకు మించి నొక్కకూడదు. 20 నుంచి 30 మధ్య ఉంటే సరి. 30 దాటితే గోడ లోపలి పొరకి రక్తం సరిగా అందదు. 50 దగ్గర దాదాపు ఆగిపోతుంది. రక్తం అందని పొర కమిలిపోతుంది. కాలికి బిగుతు చెప్పు వేసుకుని రోజంతా తిరిగితే మడమ ఎలా అవుతుందో, లోపల అలా అవుతుంది.

మా వాళ్ళ గురించి ఒక నిజం చెప్పాలి. ట్యూబు చివర బయట వేలాడే చిన్న బెలూన్‌ని రెండు వేళ్ళతో నొక్కి చూసి "ఆ, సరిపోయింది" అనుకోవడం చాలామందికి అలవాటు. చాలా ఏళ్ళు నేనూ అంతే. ఆ వేళ్ళ లెక్క నమ్మదగింది కాదు. నా వేళ్ళకి మెత్తగా తగిలినవి, మీటరు పెట్టి చూస్తే 60, 70 చూపించిన రోజులున్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మత్తులో నైట్రస్ ఆక్సైడ్ వాడితే ఆ వాయువు మెల్లగా కఫ్ లోపలికి చేరుతుంది. మొదట్లో సరిగ్గా నింపిన కఫ్ కూడా గంటలో ఉబ్బిపోతుంది. అందుకే మొదట కొలిచి వదిలేస్తే చాలదు, మధ్యలో మళ్ళీ చూడాలి.

మిగిలిన కారణాలు త్వరగా చెప్పేస్తాను. ట్యూబు ఒక్కసారికే వెళ్ళకపోతే, లావుపాటి ట్యూబు వేస్తే, ఆపరేషన్ గంటలకొద్దీ సాగితే, ట్యూబు తీసేటప్పుడు మనిషి గట్టిగా దగ్గితే నొప్పి ఎక్కువ. ముక్కులోంచి కడుపులోకి వెళ్ళే సన్నటి గొట్టం, రైల్స్ ట్యూబు, కూడా వేస్తే అదొక రాపిడి. ఆడవాళ్ళకి మగవాళ్ళకన్నా ఎక్కువగా వస్తుంది. ఒక్కో చోట లెక్క ఒక్కోలా ఉంది కానీ, ట్యూబు వేయించుకున్నవాళ్ళలో మూడోవంతు నుంచి సగం మంది దాకా మొదటి రోజు ఏదో ఒక మేరకు గొంతునొప్పి చెబుతారు.

ఇప్పుడు ఒకావిడ కథ చెబుతాను. నలభై రెండేళ్ళు, స్కూలు టీచరు. పిత్తాశయంలో రాళ్ళు. ల్యాప్రోస్కోపీలో పిత్తాశయాన్నే తీశారు, గంటన్నర పట్టింది. ఏడో నంబరు ట్యూబు, దాంతోపాటు రైల్స్ ట్యూబు. పన్నెండింటికి ట్యూబు తీశాం. అప్పుడు ఆవిడకి గొంతు సంగతే తెలీలేదు, నొప్పి మందుల మత్తు ఇంకా ఉంది కాబట్టి. నాలుగింటికి మొదలైంది. సాయంత్రానికి "గుటక వేస్తే చేపముల్లు గుచ్చుకున్నట్టుంది" అంది. గొంతు బొంగురు. ఉమ్మిలో ఒక సన్నటి ఎర్రటి చార కనిపించేసరికి ఇంటిల్లిపాదీ హడలిపోయారు.

నేను చెప్పింది ఇది. మొదటి రోజు ఇలాగే ఉంటుంది. రేపు పొద్దుటికి కొంచెం తగ్గాలి, ఎల్లుండికి ఇంకా తగ్గాలి. చాలామందికి రెండు మూడు రోజుల్లో పోతుంది. కొద్దిమందికి వారం దాకా లాగుతుంది. ఒక చార రక్తం రాపిడివల్ల వచ్చేదే. గొంతు బొంగురు కూడా చాలావరకు నొప్పితోపాటే తగ్గుతుంది, ఒక్కోసారి ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ పట్టొచ్చు. ఇది ఇన్‌ఫెక్షన్ కాదు, దెబ్బ. కాబట్టి యాంటీబయాటిక్ అవసరం లేదు.

ఉపశమనం సంగతికొస్తే, మంచినీళ్ళే మొదటి మందు. ఆపరేషన్ చేసిన డాక్టరు తాగొచ్చు అన్నాక, పూర్తిగా మెలకువ వచ్చాక, లేచి కూర్చుని ఒక్కో గుక్కా తాగాలి. ఎండిపోయిన పొరని తడిపితేనే సగం మంట దిగుతుంది. ఆవిడకి ఐస్ ముక్కలు చప్పరించమన్నాను. వాళ్ళత్తగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "గొంతు నొప్పంటే ఐసా?" చల్లదనం దెబ్బ తగిలినచోట వాపుని, నొప్పిని తగ్గిస్తుందండీ. బెణికిన కాలికి ఐసు పెడతాం కదా, ఇదీ అంతే. చల్లటిది పడనివాళ్ళు గోరువెచ్చని నీళ్ళు తాగొచ్చు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో అరచెంచా ఉప్పు వేసి పుక్కిలించొచ్చు. బెంజిడమైన్ అని పుక్కిలించే మందు ఉంది, పొరని కాస్త మొద్దుబారుస్తుంది. మంటగా అనిపిస్తే అంతే నీళ్ళు కలుపుకోవాలి. చప్పరించే బిళ్ళలు మంచివే కానీ మత్తు పూర్తిగా వదలకముందు నోట్లో పెట్టకండి, గొంతుకి అడ్డం పడుతుంది.

వాళ్ళత్తగారు ఇంటినుంచి ఫ్లాస్కులో మిరియాల కషాయం తెచ్చారు. ప్రేమతోనే తెచ్చారు. కానీ చర్మం గీసుకుపోయినచోట మిరియం పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. నాలుగు రోజులు మిరియం, ఆవకాయ, వేడివేడి కాఫీ పక్కన పెట్టి, సర్జన్ తినొచ్చన్నాక జావ, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ పెట్టమన్నాను. ఇంకోటి, గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అని ఆవిడ అనుకుంది. గుసగుసలో స్వరతంత్రులు ఇంకా ఎక్కువ శ్రమపడతాయి. తక్కువ మాట్లాడాలి, మాట్లాడితే మామూలు గొంతుతోనే మాట్లాడాలి. మాటిమాటికీ గొంతు సవరించుకోకూడదు.

ఇక్కడే చిన్న ప్రమాదం తప్పింది. రాత్రి వాళ్ళాయన మందుల షాపులో పారాసిటమాల్ 650 కొనుక్కొచ్చి, గొంతుకోసం ఇవ్వబోయాడు. కానీ ఆవిడకి కడుపు నొప్పికని ఆరుగంటలకొకసారి ఒక గ్రాము పారాసిటమాల్ డ్రిప్‌లో వెళ్తూనే ఉంది. అంటే రోజుకి 4 గ్రాములు, పెద్దవాళ్ళకి అదే గరిష్ఠం. పైన ఇంకా వేస్తే కాలేయానికి దెబ్బ. నర్సు చూసి ఆపింది. గొంతుకి వేరే నొప్పి బిళ్ళ వెతికే ముందు, ఇప్పటికే ఏం వెళ్తోందో అడగండి.

ఏ లక్షణానికి ఆగకూడదో కూడా ఆవిడకి రాసిచ్చాను. నొప్పి తగ్గకుండా రోజురోజుకీ పెరుగుతుంటే, జ్వరం వస్తే, ఉమ్మి కూడా మింగలేక కారిపోతుంటే, ఊపిరి తీస్తుంటే ఈల లాంటి చప్పుడొస్తే, మెడ ఉబ్బి చర్మం నొక్కితే కరకరలాడితే, మెడలో ఛాతీలో విపరీతమైన నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి రావాలి. లోపల చిల్లు పడటం లాంటివి అరుదే, కానీ అవి గంటల లెక్క. రెండు వారాలైనా బొంగురు పోకపోయినా, నీళ్ళు తాగినప్పుడల్లా పొలమారుతున్నా ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో స్వరతంత్రుల్ని చూడాలి. అక్కడి చిన్న కీలు తప్పుకుని ఉంటే ఎంత త్వరగా చూస్తే అంత మేలు.

ముందే ఏమైనా చేయొచ్చా అంటే, చేయొచ్చు. మన అతిమధురం ఉంది కదా, లక్నో డాక్టర్లు 2009లో దాని మీద ఒక పరీక్ష ప్రచురించారు. అర గ్రాము అతిమధురం 30 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి, మత్తుకి ఐదు నిమిషాల ముందు పుక్కిలించారు. గొంతునొప్పి తగ్గింది. అందులో ఉన్నది 40 మందే. తర్వాత 2013లో వియన్నాలో, ఊపిరితిత్తుల ఆపరేషన్లకి వేసే ఇంకా లావుపాటి ట్యూబుల మీద, 236 మందితో చేశారు. నొప్పి దాదాపు సగానికి తగ్గింది. అయితే రెండు చోట్లా పుక్కిలించింది ఆపరేషన్‌కి ముందు, థియేటర్ వాళ్ళ కళ్ళెదుట. ఇంట్లో మీ అంతట మీరు చేసి కడుపులోకి మింగేస్తే ఉపవాసం చెడుతుంది. అడిగే చేయండి.

ట్యూబు చిన్నదైతే నొప్పి తక్కువ. టీచర్లు, పాటలు పాడేవాళ్ళు ఆ సంగతి ముందురోజు మత్తు డాక్టరుకి చెప్పండి, వీలుంటే అర నంబరు, ఒక నంబరు తగ్గిస్తారు. కొన్ని ఆపరేషన్లకి ట్యూబు బదులు గొంతు పైభాగంలోనే కూర్చునే మాస్కు సరిపోతుంది, దాంతో నొప్పి తక్కువ. కడుపు ఖాళీగా లేనివాళ్ళకి, పులితేన్పులు బాగా వచ్చేవాళ్ళకి అది నప్పదు. కఫ్ ఒత్తిడి మీటరుతో కొలుస్తారా అని అడగడానికి మొహమాటపడకండి. నాకు అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు నేనే అడగలేదు. అప్పటికి పదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ ట్యూబులు వేస్తున్నవాణ్ణి. రెండు రోజులు గుటక వేసినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాను. ఆ తర్వాతే మీటరు కొన్నాను.

ఆ టీచరుగారు ఐదో రోజు ఫోన్ చేసింది. గొంతు మామూలుగా ఉంది, మాట కూడా స్పష్టంగా వచ్చింది. ఆవిడ అడిగింది గొంతు గురించి కాదు. "సార్, ఆవకాయ ఎప్పట్నుంచి తినొచ్చు?" అని. గొంతు వరకు నా అభ్యంతరం లేదమ్మా, పిత్తాశయం సంగతి సర్జన్‌గారినే అడగమన్నాను.