నాలుగు వందల సీసాలో దాక్కున్న ఏడు శాతం

అందరికీ నమస్కారం. పూర్ణా మార్కెట్ నుంచి గాజువాక దాకా వ్యాపారం చేసేవాళ్లే ఎక్కువమంది వచ్చారు కాబట్టి, నేను దెబ్బతిన్న లెక్కే చెబుతాను.

ఎంవీపీ కాలనీలో పచ్చళ్ల దుకాణం పెట్టిన కొత్త. అరకిలో రొయ్యల పచ్చడి సీసాకి నాకు 400 రూపాయలు పడేది. హార్బర్లో కొన్న రొయ్య ఒలిచి వేయిస్తే ఎంత మిగులుతుందో ఇక్కడి ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. అదంతా కలిపే 400. నాకు ముప్ఫై శాతం కావాలి. 400కి ముప్ఫై శాతం 120, కలిపి 520 చీటీ అంటించాను.

ఏడాది చివర ఆడిటర్ గారు లెక్కలు చూసి, "మీకు సరుకు మీద మిగిలింది 23 శాతమే" అన్నారు. మిగతా ఏడు ఏమైంది? నిజం చెప్పొద్దూ, గల్లా దగ్గర కూర్చునే కుర్రాడి మీద అనుమానపడ్డాను. పాపం, వాడు పైసా ముట్టలేదు.

జరిగిందేమిటంటే, నేను 120ని కొన్న ధర 400తో పోల్చాను. అది మార్కప్. ఆయన అదే 120ని అమ్మిన ధర 520తో పోల్చారు. అది మార్జిన్. రూపాయలు అవే, కింద పెట్టి భాగించే అంకె వేరు.

మీ దుకాణంలో పోయింది దొంగతనమా, లెక్కా అని తేల్చుకోవాలంటే ఆ 23ని 100లోంచి తీసేయండి, 77 వస్తుంది. 23ని 77తో భాగిస్తే దాదాపు ముప్ఫై. మీరు కలిపిన శాతమే తిరిగొస్తే సరుకు ఎక్కడికీ పోలేదు.

ఇది పేర్ల తగాదా అయితే నేను ఇంతసేపు మాట్లాడను. అసలు బాధ ఖర్చుల దగ్గర. ఆర్డర్ల యాప్ వాడి కమీషన్ ఇరవై శాతం అనుకోండి. వాడు తీసుకునేది మన 400 మీద కాదు, 520 మీద, అంటే 104. జీఎస్టీ పక్కన పెట్టినా సీసాకి మిగిలేది 16 రూపాయలు. "ముప్ఫైలో ఇరవై పోయినా పది ఉంటుంది" అని నేను నిశ్చింతగా ఉన్నాను. అద్దె, కరెంటు ఆ పదహారులోంచే కట్టాలి!

నిజంగా ముప్ఫై మార్జిన్ కావాలంటే 400ని 0.70తో భాగించాలి. 571 పైచిలుకు వస్తుంది, 572 అనుకుందాం. కమీషన్ 114 పోయినా దాదాపు 58 మిగులుతాయి. అంటే కొన్న ధర మీద వేయాల్సింది ముప్ఫై కాదు, దాదాపు 43.

"పక్క దుకాణంలో 540కే ఇస్తుంటే 572కి ఎవరు కొంటారండీ?" అని వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు. కొనరు. అప్పుడు లెక్క వెనక నుంచి వేయాలి. 540ని 0.70తో గుణిస్తే 378. సీసా ఆ ధరలో తయారవ్వాలి. నేను చేసింది అదే. గాజు సీసా మార్చి, నూనె టోకున కొని 22 రూపాయలు తగ్గించాను. రొయ్యల జోలికి మాత్రం పోలేదు.