గో రివ్యూ: 111వ ఎత్తు దగ్గర ఎవరు ముందున్నారు?

అందరికీ నమస్తే. ఈ రోజు రివ్యూలో ఒక్క పొజిషన్ దగ్గరే ఆగుదాం. మన వ్యూయర్ ఒకరు పంపిన ఆట ఇది. ఆయనది నల్ల. 19 గీతల బోర్డు, జపనీస్ రూల్స్, రెండోగా ఆడే తెల్లకి అదనంగా ఇచ్చే పాయింట్లు, అంటే కోమి, 6.5. ఇప్పటికి 110 ఎత్తులు అయ్యాయి, 111వది నల్లదే. ఓపెనింగ్ గొడవలన్నీ ముగిశాయి, మూలలు చాలావరకు తేలిపోయాయి. మిగిలిన పెద్ద ప్రశ్న ఒక్కటే. ఎడమ వైపు నుంచి మధ్యలోకి తెల్ల పరిచిన ఆ పెద్ద మోయో, అంటే ఇంకా మూసుకోని, ఇలాకా అయ్యేలా ఉన్న చోటు.

ఆట పంపుతూ ఆయన రాసిన మాట ఇది: "తెల్ల మోయో చూసి టెన్షన్ పట్టుకుంది, 40 పాయింట్లు వచ్చేలా ఉంది, అందుకే లోపలికి దూకాను." దూకిన రాళ్ళు చచ్చిపోయాయి, ఆట పోయింది. ఆయన ఎలా దూకారు, రాళ్ళు ఎందుకు చచ్చాయి అన్నది నేను రివ్యూ చెయ్యను. అసలు దూకాల్సిన అవసరం ఉందా అన్నదే చూద్దాం. దానికి లెక్క కావాలి.

ముందు నల్లవి. కుడి కింది మూల చూడండి. ఒక్కొక్కటిగా కాకుండా జతలుగా లెక్కపెట్టండి. రెండు, నాలుగు, ఆరు... ఇలా 11 జతలు, పైన ఒకటి. 23 ఖాళీలు. కానీ 23 అని రాసుకోకూడదు. అంచు దగ్గర బోర్డర్ ఇంకా మూసుకోలేదు కదా. ఇక్కడ రెండో గీత మీద నల్ల రాయి, పక్కనే తెల్ల రాయి ఉన్నాయి. తెల్ల మొదటి గీత మీదకి వంగి, నల్ల రాయి కిందకి హానే ఆడుతుంది. నల్ల అడ్డుకోవాలి. తెల్ల తన రాయిని కలుపుకుంటుంది. ఇప్పుడు కోత పడే చోటు ఉంది కాబట్టి నల్ల లోపల ఇంకో రాయి పెట్టి కలుపుకోవాలి. అంటే మనం ఖాళీ అని లెక్కపెట్టిన మూడు చోట్లు పోయాయి. ఒక దాంట్లో తెల్ల రాయి కూర్చుంది, రెండింట్లో నల్లే తన రాళ్ళు పెట్టుకుంది. పైగా ఇదంతా తెల్లకి సెంటే, తను ఆడాక టర్న్ మళ్ళీ తన చేతికే వస్తుంది. సెంటేలో దొరికేదాన్ని ఎవరూ వదులుకోరు. అందుకే అది అయిపోయినట్టే లెక్క. 23లో 3 తీసేస్తే 20.

ఇదే బోర్డర్ ఇద్దరికీ సెంటే కాని చోట ఉంటే? అప్పుడు రెండు రాళ్ళ నుంచీ అంచు దాకా నిటారుగా గీత దించేసి, ఎవరి వైపుది వాళ్ళకి రాసెయ్యండి. అంతకంటే సూక్ష్మంగా వెళ్ళక్కర్లేదు.

పై వైపు నల్ల ఇలాకాలో నాలుగు తెల్ల రాళ్ళు చిక్కుకుని ఉన్నాయి. అవి చచ్చిన రాళ్ళే, నల్ల ఇంకో ఎత్తు ఖర్చు పెట్టనక్కర్లేదు. నేను చదివి చూశాను, తెల్ల ముందు ఆడినా బతకవు. చచ్చిన రాయి ఒక్కోటి రెండు పాయింట్లు, ఆ చోటుకి ఒకటి, ఖైదీకి ఒకటి. నాలుగు రాళ్ళకి 8, చుట్టూ ఖాళీలు 13, మొత్తం 21. కుడి అంచు మధ్యలో 11. ఎడమ కింది మూలలో చిన్నగా బతికిన గుంపు ఉంది, దానికి రెండు కళ్ళు, అంటే బతకడానికి కావాల్సిన రెండు విడి ఖాళీలు, స్పష్టంగా కనిపిస్తున్నాయి, అక్కడ 7. ఇప్పటికే బోర్డు మీద నుంచి తీసిన తెల్ల రాళ్ళు 2. కలిపితే 61.

ఆ "స్పష్టంగా కనిపిస్తున్నాయి" అన్న మాట ఊరికే అనలేదు. ఆ గుంపు బతుకు అనుమానమైతే 7 అని రాసుకోవడమే తప్పు. గుంపుని కాపాడుకునే లోపు తెల్ల పక్కన ఏం సంపాదిస్తుందో అది కూడా తీసెయ్యాలి. చాలామంది లెక్క పాడయ్యేది కూడికల్లో కాదు, ఇక్కడ.

ఇక తెల్ల. ఎడమ పై మూల 15, కింది వైపు 12. రెండు చోట్లా నల్లకి ఉన్న సెంటే హానేలు కోసేసిన తర్వాతి అంకెలివి. మన ఇలాకాని కోసి ఎదుటివాడిది కోయకపోతే ఎప్పుడూ వెనకబడ్డట్టే కనిపిస్తుంది. ఖైదీలు 3, కోమి 6.5. మోయో కాకుండా మొత్తం 36.5.

ఇప్పుడు ఆగండి. మోయోని లెక్కపెట్టే ముందు తీసివేత చెయ్యండి. 61లోంచి 36.5 పోతే 24.5. అంటే ఆ మోయోలో తెల్లకి 25 వస్తే తెల్ల అర పాయింటుతో గెలుస్తుంది, 24 వస్తే నల్ల అర పాయింటుతో గెలుస్తుంది. చూశారా, "మోయో ఎంత పెద్దది" అన్న భయం కాస్తా "25కి చేరుతుందా, చేరదా" అన్న ప్రశ్న అయింది. దీనికి జవాబు వెతకడం చాలా తేలిక.

మోయో ఎడమ అంచున ఏడు వరసల మేర పరుచుకుంది. కంటికి ఆనేది ఆరు గీతల లోతు. ఆరేళ్ళు 42, లోపల తెల్ల సొంత రాళ్ళు 5 ఉన్నాయి, అవి పోతే 37. ఆయనకి 40లా కనిపించింది ఇదే. కానీ ఆ ఆరో గీత దాకా ఇంకా గోడ లేదు. ఎవరు ముందు ఆడతారన్న దాన్ని బట్టి గోడ ఎక్కడ పడుతుందో ఊహించాలి.

తెల్ల ముందు ఆడితే ఆరో గీత మీద మూసేస్తుంది. లోపల అయిదు గీతలు, 35. అయిదు రాళ్ళు తీసేసి, తర్వాత ఎలాగూ పెట్టుకోవాల్సిన ఒక రాయి కూడా తీస్తే 29. తెల్ల 4.5 ముందుంటుంది.

నల్ల ముందు ఆడితే? మధ్యలో తన రాళ్ళు ఉన్నాయి కదా, వాటికి చెస్ గుర్రం గెంతినట్టు నైట్ మూవ్ దూరంలో ఆరో గీత మీద ఒక రాయి. లోపలికి కాదు, పైనుంచి తేలిగ్గా నొక్కడం. తెల్ల అయిదో గీత మీద అడ్డుకుంటుంది. నల్ల ఇంకోసారి నొక్కుతుంది, తెల్ల మళ్ళీ అడ్డుకుంటుంది. లోపల మిగిలింది నాలుగు గీతలు, 28. సొంత రాళ్ళు 5, తర్వాత నల్ల సెంటే ఎత్తులకి తెల్ల లోపల పెట్టుకోవాల్సినవి 3. మిగిలేది 20.

24.5లోంచి 20 తీస్తే నల్ల 4.5 ముందు. పైగా 111 నుంచి 114 దాకా నాలుగు ఎత్తులు అయ్యాక టర్న్ నల్లదే. అంటే ఈ పొజిషన్‌లో నల్లది బాగున్న ఆట. భయపడాల్సింది తెల్ల.

మరి జరిగిందేమిటి? 111వ ఎత్తు మూడో గీత మీద, మోయో నడి మధ్యలో. 122వ ఎత్తు అయ్యేసరికి ఆరు నల్ల రాళ్ళు చచ్చాయి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు నమ్ముతారు, "ఆరు రాళ్ళు చచ్చాయి కాబట్టి పన్నెండు పోయాయి" అని. అలా కాదు. జపనీస్ లెక్కలో చచ్చిన రాయి కూర్చున్న చోటు ముందే తెల్ల ఖాళీగా లెక్కలో ఉంది, అదనంగా వచ్చేది ఖైదీ ఒక్కటే. తెల్ల ఆరు జవాబులూ లోపలే ఆడి ఉంటే అదనంగా వచ్చిన ఆరూ అక్కడికక్కడే చెల్లు. నష్టం ఎక్కడ వచ్చిందంటే, తెల్ల జవాబుల్లో రెండే లోపల, నాలుగు బయట పడ్డాయి. ఆ నాలుగూ ఆరో గీత మీద గోడ కట్టేశాయి, పైగా కుడి వైపు నల్ల ఇలాకాని నొక్కి 11ని 6 చేశాయి. ఇప్పుడు లెక్క: 35లోంచి 5 పోతే 30, ఖైదీలు 6 కలిపి 36, లోపలి జవాబులు 2 తీస్తే 34. తెల్ల 70.5, నల్ల 56. 4.5 ముందున్నవాడు 14.5 వెనక పడ్డాడు.

సరే, దూకడం ఎప్పుడు సరైనది? ఇదే బోర్డులో ఒక్కటి మార్చి చూద్దాం. పై వైపు ఆ నాలుగు తెల్ల రాళ్ళు చావకుండా బయటపడ్డాయనుకోండి. అక్కడ నల్లకి 21 బదులు 9 మిగిలిందనుకుందాం. నల్ల మొత్తం 49. తీసివేత చేస్తే 12.5. పైనుంచి నొక్కితే తెల్లకి 20 వస్తుంది కదా, అంటే 7.5 తేడాతో పద్ధతిగా ఓడిపోతాం. అప్పుడు ఆ నైట్ మూవే చెడ్డ ఎత్తు. మోయోని 12కి దించగలిగే ఎత్తు కావాలి, అది లోపలే ఉంటుంది. బతికే ఛాన్స్ తక్కువైనా దూకాల్సిందే. అదీ ఎంత లోతుకి అన్నది కూడా ఈ అంకే చెబుతుంది. ఎనిమిది పాయింట్లు లాగాలి, కాబట్టి మొత్తం మోయోని చెరిపేసే హీరో ఎత్తు అక్కర్లేదు. అంచున చిన్నగా బతికినా చాలు, లేదా కొన్ని రాళ్ళు వదిలేసి రెండు గీతలు లోపలికి తోసినా చాలు.

మళ్ళీ అసలు ఆటకి వద్దాం. 4.5 ముందున్నాం, ఇక సేఫ్‌గా ఆడదాం అంటారు. ఇక్కడ నాకు కొంచెం చిరాకు. సేఫ్ అంటే ప్రతి చోటా వెనక్కి తగ్గడం అనుకుంటారు చాలామంది. పై వైపు చచ్చిన నాలుగు రాళ్ళ దగ్గర భయంతో ఒక రాయి అదనంగా పెట్టారనుకోండి. సొంత ఇలాకాలో నింపినందుకు ఒక పాయింటు పోయింది. టర్న్ కూడా పోయింది. బోర్డు మీద మిగిలిన పెద్ద గోటే ఎత్తు, అంటే ఆడాక టర్న్ ఎదుటివాడికి పోయే ఎత్తు, నల్ల ఆడితే తెల్ల ఆడితే 6 పాయింట్ల తేడా ఉన్నదైతే, ఆ టర్న్ విలువ సుమారు 3. మొత్తం 4 పాయింట్లు. మన 4.5లో మిగిలింది అర పాయింటు! ఆ రాళ్ళు నిజంగా బతికే దారి ఉంటే 4 ఇచ్చి కొనుక్కోవడం మంచిదే. చదివి చూస్తే దారి లేదు, అందుకే వద్దు. కొరియా ఆటగాడు లీ చాంగ్-హో అర పాయింటు గెలుపులకి పేరుపడ్డాడు. ఆయన వెనక్కి తగ్గితే ఎంత ఇచ్చి తగ్గుతున్నాడో తెలిసి తగ్గేవాడు, మనం తెలియక తగ్గుతాం.

ఇంకో మాట. మన లెక్కలో రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ ఉంటుంది, మధ్యలో ముఖ్యంగా. అందుకే తేడా ఒకటో రెండో వస్తే ముందున్నాననీ వెనకున్నాననీ తేల్చుకోకండి, బోర్డు మీద పెద్దదిగా కనిపించే ఎత్తు ఆడండి. 4.5 లాంటి తేడాతో నిర్ణయం తీసుకోవచ్చు, కానీ నాలుగు ఎత్తుల తర్వాత మళ్ళీ చూడాలి. మళ్ళీ మొత్తం లెక్కపెట్టనక్కర్లేదు. 61, 36.5, 20 గుర్తుంటే చాలు, మారిన చోటు ఒక్కటే సరిచేసుకోవాలి. అది కూడా ఎదుటివాడి గడియారం నడుస్తున్నప్పుడు చేసుకోండి.

ఇక 115వ ఎత్తు. నొక్కడం అయిపోయింది, టర్న్ నల్లది. కింది వైపు తెల్ల 12 దగ్గర చూడండి, నల్లకి రెండో గీత మీద రాయి ఉంది, ఎదురుగా తెల్ల అంచు తెరిచి ఉంది. అక్కడ నుంచి మొదటి గీత మీదకి పెద్ద గెంతు, మంకీ జంప్. నేను 12 అని రాసింది మామూలు హానే జరుగుతుందనుకుని. ఈ గెంతు సెంటేలో పడితే ఆ 12 ఇంకా తగ్గుతుంది. కాబట్టి 115 అక్కడే. తెల్ల జవాబు ఇచ్చాక టర్న్ మళ్ళీ మనదే, అప్పుడు కుడి అంచున ఆ 6 పాయింట్ల గోటే ఎత్తు తీసుకుంటాం.